పెళ్లి ఫొటోలో నీళ్ల సీసా

తలంబ్రాల ఘట్టంలో తీసిన ఫొటో అనుకుందాం. వధువు దోసిలెత్తి వరుడి తలమీద బియ్యం పోస్తోంది, అతను కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు, వెనక నిలబడ్డ పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఇలాంటి ఫ్రేము ఒక పెళ్లిలో ఒక్కసారే దొరుకుతుంది. అందులో ఎడమవైపు కింద, వధువు కూర్చున్న పీట ముందు, ఎవరో తాగి పెట్టేసిన ప్లాస్టిక్ నీళ్ల సీసా ఉంది. సగం నీళ్లున్నాయి. వీడియో లైటు పడి తళతళ మెరుస్తోంది. ఒకసారి కంటపడిందంటే చూపు మళ్లీ మళ్లీ దానిమీదికే పోతుంది.

ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ల చేతికి ఈ ఫొటో వచ్చినప్పుడు వాళ్లకు ముఖ్యంగా రెండు దార్లుంటాయి. ఒకటి క్లోన్ స్టాంప్, రెండోది కంటెంట్ అవేర్ ఫిల్. రెండూ ఫొటోషాప్‌లో ఉన్నవే, రెండిటితోనూ సీసా మాయమవుతుంది. కానీ ఒకటి చక్కగా పనిచేసే చోట రెండోది తడబడుతుంది. ఒకటి క్షణంలో ముగించే చోట రెండోదానితో గంటసేపు కుస్తీ పట్టినా ఏదో ఒక మచ్చ మిగులుతుంది. ఎక్కడ ఏది వాడాలో తెలియాలంటే అవి లోపల ఏం చేస్తాయో కొంచెం చూడాలి.

ఫొటోలోంచి వస్తువును తీసేయడం అంటాం గానీ, నిజంగా తీసేస్తే అక్కడ మిగిలేది బొక్కే. సీసా వెనక పీట ఎలా ఉందో, చీర అంచు ఎలా మడత పడిందో కెమెరా చూడలేదు. అది చూడనిది ఫైల్లో ఎక్కడా ఉండదు. సీసా పారదర్శకంగానే ఉంది కదా, దానిలోంచి కనిపించే రంగులను ఆధారం చేసుకోవచ్చుగా అనిపించవచ్చు. అదీ కుదరదు. నీళ్లున్న గుండ్రటి సీసా అచ్చంగా కటకమే. వెనక ఉన్నదాన్ని వంచి, సాగదీసి, ఒక్కోసారి కుడి ఎడమలు తారుమారు చేసి చూపిస్తుంది. కాబట్టి ఈ రెండిటిలో ఏది వాడినా, అదే ఫొటోలో మరోచోట ఉన్న పిక్సెళ్లను తెచ్చి ఇక్కడ పరచడమే జరుగుతుంది. ఏ పిక్సెళ్లను తేవాలో ఎవరు నిర్ణయిస్తారన్న దగ్గరే ఈ రెండూ విడిపోతాయి.

క్లోన్ స్టాంప్ 1990లో వచ్చిన ఫొటోషాప్ మొదటి వెర్షన్ నాటినుంచీ ఉంది. కీబోర్డు మీద S నొక్కితే అది చేతికొస్తుంది. Alt పట్టుకుని ఫొటోలో ఒకచోట క్లిక్ చేస్తే, ఇక్కడినుంచి తీసుకో అని చెప్పినట్టు. తర్వాత సీసా మీద బ్రష్ ఆడిస్తే, చూపించిన చోట ఉన్న పిక్సెళ్లు ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ పడతాయి. రంగు మారదు, వెలుగు మారదు, కోణం మారదు. పైన Aligned అనే గడిలో టిక్కు ఉంటే, తీసుకునే చోటుకీ బ్రష్‌కీ మధ్య దూరం ఎప్పుడూ ఒకటే. బ్రష్ ఎంత కుడికి జరిగితే తీసుకునే చోటు కూడా అంతే కుడికి జరుగుతుంది. ఏది తేవాలి, ఎక్కడ పెట్టాలి అన్న నిర్ణయం పూర్తిగా మనిషిది. కంప్యూటరు మోసుకొచ్చి పెట్టడం తప్ప మరేమీ చేయదు.

కంటెంట్ అవేర్ ఫిల్ అలా కాదు. అది 2010లో ఫొటోషాప్ సీఎస్5తో వచ్చింది. దానికి ముందు ఏడాది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కానెలీ బార్న్స్, ఆడమ్ ఫింకెల్‌స్టీన్, అడోబి సంస్థకు చెందిన ఎలీ షెక్ట్‌మన్, డాన్ గోల్డ్‌మన్ కలిసి ప్యాచ్‌మ్యాచ్ అనే పద్ధతిని ప్రకటించారు. ఆ ఆలోచన అందంగా ఉంటుంది. ఫొటోను చిన్నచిన్న చదరపు ముక్కలుగా చూస్తారు. ఒక్కో ముక్క అడ్డం ఏడు పిక్సెళ్లు, నిలువు ఏడు పిక్సెళ్లు అనుకోండి. బొక్క అంచున ఉన్న ప్రతి ముక్కకూ దాన్ని బాగా పోలిన ముక్క ఫొటోలో ఇంకెక్కడుందో వెతకాలి. లక్షల ముక్కల్ని లక్షల ముక్కలతో పోలిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని ముందు ప్రతి ముక్కకూ ఏదో ఒక జతను గుడ్డిగా, లాటరీ తీసినట్టు కేటాయిస్తారు. వాటిలో చాలావరకు తప్పే అవుతాయి. కానీ అన్ని లక్షల్లో కొన్ని అదృష్టవశాత్తూ సరిగ్గా కుదురుతాయి. బంతి భోజనాల దగ్గర ఒకరికి చోటు దొరికితే వెంట వచ్చినవాళ్లు ముందు ఆ పక్క విస్తరే చూస్తారు కదా. అలాగే ఒక ముక్కకు మంచి జత దొరికితే, దాని పక్క ముక్క ఆ జత పక్కనే వెతుక్కుంటుంది. తర్వాత ఇంకొంచెం దూరంలో మరికొన్ని చోట్లు తడిమి చూస్తుంది. ఇలా కొన్ని విడతల్లోనే దాదాపు అన్ని ముక్కలకూ జతలు కుదిరిపోతాయి. ముందు ఫొటోను బాగా కుదించి మసకగా నింపి, తర్వాత పరిమాణం పెంచుతూ వివరాలు చేర్చుకుంటూ పోతారు.

ఇందులో గమనించాల్సింది ఒకటే. ఆ లెక్కకు సీసా అంటే తెలియదు, పీట అంటే తెలియదు, చీర అంటే అంతకన్నా తెలియదు. ఒక ముక్క మరో ముక్కను పోలి ఉందా లేదా అన్నదే దానికి తెలిసిన విద్య.

ఎక్కడ ఏది అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడినుంచే వస్తుంది. ఇసుక, గడ్డి, మట్టి, కంకర వంటివాటిలో ఏ రేణువు ఎక్కడున్నా ఎవరికీ పట్టింపు ఉండదు. ఇసుకలా కనిపిస్తే చాలు. గోడ అంచు, తలుపు చట్రం, గచ్చు రాళ్ల మధ్య గీత, చీర అంచు వంటివాటికి పోలిక ఒక్కటీ చాలదు, సరైన చోట కూడా ఉండాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కన్ను పట్టేస్తుంది. మొదటిరకం కంటెంట్ అవేర్ ఫిల్‌కు అప్పగించవచ్చు. రెండోరకానికి క్లోన్ స్టాంపే దిక్కు. మన నీళ్ల సీసా రెండు రకాల్నీ ఒకేసారి కప్పేసింది, అందుకే దాన్ని ఉదాహరణగా తీసుకున్నాను.

ఫొటో 24 మెగాపిక్సెళ్లది, అంటే అడ్డం 6000, నిలువు 4000 పిక్సెళ్లు. అందులో సీసా ఎత్తు సుమారు 450 పిక్సెళ్లు, వెడల్పు 140. దాని అడుగు ఎర్ర తివాచీ మీద ఉంది. ఆ తివాచీ నిండా తలంబ్రాల బియ్యం చెదిరి ఉన్నాయి. సీసా నడుం పీట చెక్క అంచుకు అడ్డం వచ్చింది. పైభాగం పీట మీదినుంచి జారిన గద్వాల చీర అంచును కప్పింది. వీడియో లైటు ఎడమనుంచి పడుతోంది గనుక నీడ కుడివైపుకు చాచుకుని ఉంది. ఆ నీడ మధ్యలో, నీళ్లలోంచి వెలుగు దూసుకొచ్చి పడ్డ తెల్లటి చార ఒకటి.

చాలామంది చేసేదేమిటంటే, సీసా చుట్టూ లాసోతో గీత గీసి, మొత్తాన్నీ ఒకేసారి ఫిల్‌కు వదిలేయడం. ఈ ఫొటోలో అలా చేస్తే ఫలితం దాదాపు ఇలా ఉంటుంది. తివాచీ బాగానే వస్తుంది. పీట అంచు మాత్రం ఎడమనుంచి వచ్చి, మధ్యలో కొంచెం కిందికి వంగి, కుడి అంచును అందుకోలేక తెగిపోతుంది. చీర అంచులోని జరీ చెక్క మీదికి కారినట్టు కనిపిస్తుంది. నీడను గీతలో కలపకపోతే, సీసా లేకుండా దాని నీడ ఒక్కటీ తివాచీ మీద పడుకుని ఉంటుంది. వస్తువు పోయి నీడ మిగిలిన ఫొటోలు ఎన్ని ఫ్లెక్సీల మీద చూశానో చెప్పలేను.

సరైన వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు గీతలు, తర్వాత మేత. అంటే పీట అంచుతో మొదలుపెట్టాలి. కొత్త ఖాళీ లేయరు ఒకటి తెరిచి, క్లోన్ స్టాంప్ తీసుకుని, పైన Sample దగ్గర Current & Below ఎంచుకోవాలి. అప్పుడు అసలు ఫొటో చెక్కుచెదరకుండా ఉంటుంది, అతుకులన్నీ పై లేయరులో పడతాయి. సీసాకు కుడివైపున, అదే పీట అంచుమీద, సరిగ్గా చెక్కా తివాచీ కలిసే గీతమీద Alt క్లిక్ చేయాలి. ఇప్పుడు బ్రష్ గుండ్రంలోనే తీసుకున్న భాగం కనిపిస్తుంది. దాన్ని సీసా మీదికి తెచ్చి, గుండ్రంలోని గీత అటూ ఇటూ ఉన్న అసలు గీతతో కలిసేదాకా అటూ ఇటూ జరిపి, అప్పుడే మొదటి క్లిక్ వేయాలి. ఈ మొదటి క్లిక్ కుదిరితే మిగతాదంతా దానంతట అదే కుదురుతుంది, ఎందుకంటే దూరం అక్కడ ఖాయమైపోయింది.

బ్రష్ అంచు ఎంత మెత్తగా ఉండాలన్నది కూడా ఇక్కడ తేలాలి. Hardness సున్నా పెడితే చెక్క అంచు అతుకు దగ్గర మసకబారుతుంది. నూరు పెడితే కత్తిరించి అతికించినట్టు గుండ్రటి గీత కనిపిస్తుంది. ఫొటోలో ఆ అంచు ఎంత పదునుగా ఉందో చూసి, అరవైకీ ఎనభైకీ మధ్య పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది.

లైటు ఎడమనుంచి వస్తోంది గనుక పీట చెక్క ఎడమవైపు వెలుగ్గా, కుడివైపు పోనుపోను చీకటిగా ఉంటుంది. కుడినుంచి తెచ్చిన చెక్కతోనే బొక్క మొత్తం నింపితే, ఎడమ అతుకు దగ్గర చీకటి ముక్క ఒక్కసారిగా వెలుగును తాకుతుంది. అందుకని కుడి సగం కుడినుంచీ, ఎడమ సగం ఎడమనుంచీ తెచ్చి, చెక్కలో ఏదైనా చార ఉన్నచోట రెండూ కలిసేలా చూసుకోవాలి. క్లోన్ స్టాంప్‌కు ఉన్న పెద్ద బలహీనత ఇదే. అది వెలుగును సర్దలేదు. ఇలా చేత్తో తప్పించుకోవాల్సిందే.

పీట అంచు అతికాక సీసా రెండు ముక్కలైంది. పైముక్క చీర మీద, కిందిముక్క తివాచీ మీద. ఇప్పుడు కిందిముక్కను ఫిల్‌కు ఇవ్వవచ్చు. ముందే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? నింపాల్సిన బొక్కకు ఆనుకుని సీసా నడుం ఇంకా మిగిలి ఉండేది. చుట్టూ ఉన్నదానితో పొసగేలా నింపడమే ఫిల్ పని కాబట్టి, అది నమ్మకంగా సీసాకు పొసిగేలా మళ్లీ ఇంత ప్లాస్టిక్ మెరుపు తెచ్చి పెట్టేది. ఈ పనిముట్టును తిట్టుకునేవాళ్లలో సగంమంది ఇబ్బంది ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. తీయాల్సిన వస్తువు తాలూకు కొన అయినా గీత బయట మిగిల్చితే అది దాన్నే విత్తనంగా వాడుకుంటుంది. గీత వస్తువును రాసుకుంటూ పోకుండా, చుట్టూ పదేసి పిక్సెళ్లు వదిలి గీయాలి. నీడనూ, ఆ తెల్లటి చారనూ కూడా లోపల వేసుకోవాలి.

తెచ్చుకోవడానికి ఫిల్‌కు పిక్సెళ్లు కావాలి, ఖాళీ లేయరులో అవి ఉండవు. అందుకని Ctrl+Alt+Shift+E నొక్కి, ఇంతవరకు చేసిందంతా కలిసిన కొత్త లేయరు తయారు చేసుకుని, Edit > Content-Aware Fill తెరవాలి. 2018 అక్టోబరులో వచ్చిన వెర్షన్ నుంచి ఇది విడి కిటికీలో తెరుచుకుంటోంది, ఈ మార్పు చాలా మేలు చేసింది. ఫొటో మీద ఆకుపచ్చ పొర కనిపిస్తుంది. ఆ పొర ఉన్నంత మేరా అది పిక్సెళ్లు తెచ్చుకుంటుందన్నమాట. ముందుగా అది చుట్టూ ఉన్న అన్నిటి మీదా పరుచుకుని ఉంటుంది: తివాచీ, పీట, చీర, పక్కన కూర్చున్న పెద్దావిడ కాలి వేళ్లు, రాలిన బంతిపూల రేకలు. అలాగే వదిలేస్తే తివాచీ మధ్యలో ఒంటరిగా ఒక కాలి బొటనవేలు మొలవవచ్చు. ఎర్ర తివాచీ ముక్కా, పారాణి పెట్టిన పాదం అంచూ ఏడు పిక్సెళ్ల చదరంలో ఒకేలా ఉంటాయి మరి. బ్రష్‌తో ఆకుపచ్చను తుడిచేస్తూ, ఉత్త తివాచీ మీద మాత్రమే మిగిల్చాలి.

తివాచీలోనూ మరో చిన్న జాగ్రత్త ఉంది. కెమెరాకు దగ్గరగా ఉన్న బియ్యపు గింజలు పెద్దగా, కొంచెం మసకగా ఉంటాయి. దూరంగా ఉన్నవి చిన్నగా, పదునుగా ఉంటాయి. సీసా నిలబడ్డ చోటుకు అడ్డంగా, అదే ఎత్తులో ఉన్న పట్టీ నుంచి తెచ్చుకుంటే గింజల పరిమాణమూ ఫోకస్ కూడా కలుస్తాయి. పైనుంచో కిందినుంచో తెస్తే కలవవు. ఈ మాట క్లోన్ స్టాంప్‌కూ ఇంతే వర్తిస్తుంది. నేల మీద వస్తువును తీసేటప్పుడు చెయ్యి పక్కకే జరగాలి.

ఇక్కడ క్లోన్ స్టాంప్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. చెదిరిన బియ్యంలో మూడు గింజలు ఒకచోట త్రిశూలంలా, రెండు గింజలు పక్కపక్కన, ఇలా చిన్నచిన్న గుంపులు ఉంటాయి. క్లోన్‌తో ఒకచోటి తివాచీ తెచ్చి పరిస్తే ఆ గుంపులు యథాతథంగా రెండుచోట్ల కనిపిస్తాయి. మనిషి కన్ను పునరావృత్తిని పట్టుకోవడంలో చాలా చురుకైనది. చెల్లాచెదురుగా ఉండాల్సిన చోట ఒకే ఆకారం రెండోసారి కనిపిస్తే, ఎందుకో చెప్పలేకపోయినా, ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. ఫిల్ రకరకాల చోట్లనుంచి చిన్న ముక్కలు ఏరుకొచ్చి కలుపుతుంది గనుక సాధారణంగా ఈ చిక్కు తక్కువ. ఎక్కడో ఒక గింజ సగమే రావచ్చు, రెండు గింజలు అతుక్కుని పోవచ్చు. వాటిని తర్వాత చిన్న బ్రష్‌తో సరిచేసుకోవచ్చు. మొదటి ఫలితం నచ్చకపోతే గీతను కాస్త మార్చి మళ్లీ నడపండి, వేరే ఫలితం వస్తుంది. నచ్చినదాన్ని Output To దగ్గర New Layer అని పెట్టి విడి లేయరుగా తీసుకోవడం మంచిది.

మిగిలింది చీర అంచు. ఇది అన్నిటికన్నా కష్టం, ఇక్కడే ఫిల్ ఘోరంగా విఫలమవుతుంది. టెంపుల్ బోర్డర్ అని కొట్లలో అడిగే త్రికోణాల వరస ఒకదాని పక్కన ఒకటి సమాన దూరంలో ఉండాలి. ఫిల్‌కు లెక్కపెట్టడం రాదు. త్రికోణం కొనను పోలిన ముక్క ఎక్కడ దొరికినా తెస్తుంది, రెండు త్రికోణాల మధ్య దూరం ఎంతుండాలో చూసుకోదు. దాంతో ఒక త్రికోణం సన్నబడుతుంది, ఇంకొకటి పక్కదానిలో కలిసిపోతుంది, జరీ గీత వంకర తిరుగుతుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే ఇంకా చిత్రం జరుగుతుంది. ఆ నేతలో డిజైను అంచులు సహజంగానే రంగు పాకినట్టు మెత్తగా ఉంటాయి గనుక ఫిల్ చేసిన తప్పు తొలిచూపులో నేతలోదే అనిపించి దాటిపోతుంది. నేత తెలిసినవాళ్లు మాత్రం డిజైను ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపిస్తారు.

కాబట్టి క్లోన్ స్టాంప్. అదే అంచు పీట మీదినుంచి జారుతూ మరికొంచెం ఎడమగా మళ్లీ కనిపిస్తోంది. కానీ అక్కడ మడత వేరు, వాలు వేరు. Window మెనూలో Clone Source అనే పలక ఉంటుంది. అందులో కోణం మార్చుకోవచ్చు, పరిమాణం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అంచు ఇక్కడ అక్కడికన్నా ఎనిమిది డిగ్రీలు ఎక్కువ వాలితే అక్కడ 8 అని వేస్తే, తెచ్చే అంచు అంతే వాలి వస్తుంది. ఒక త్రికోణం కొనమీద Alt క్లిక్ చేసి, సీసా పక్కనున్న చివరి త్రికోణం తర్వాత రావాల్సిన కొన ఎక్కడుండాలో అంచనా వేసి, సరిగ్గా అక్కడ మొదటి క్లిక్ వేయాలి. రెండోవైపు నుంచి వచ్చే వరసతో అది కలవకపోతే వెనక్కి వచ్చి మళ్లీ చేయాలి. మడత నీడలో ఉన్న భాగానికి నీడలో ఉన్న అంచునే తేవాలి, వెలుగులో ఉన్నదానికి వెలుగులో ఉన్నదాన్నే. జరీ లైటుకు ఎదురుగా ఉన్నప్పుడు తెల్లగా మెరుస్తుంది, పక్కకు తిరిగితే గోధుమరంగులోకి దిగిపోతుంది. ఈ రెండూ కలిపేస్తే బట్టకు మడతే ఉండదు, బొమ్మ గీసినట్టు చదునుగా కనిపిస్తుంది.

పని అయిపోయిందనుకున్నాక ఫోన్లో చూసి బాగుందనుకోవడం సరిపోదు. పెళ్లి ఆల్బమ్‌లో పరిచిన పేజీ 12 అంగుళాలు, 36 అంగుళాలు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే అది 3600, 10800 పిక్సెళ్లు. ఫోన్లో ఆవగింజంత కనిపించిన అతుకు అక్కడ చేతివేలంత అవుతుంది. ముందు ఫొటోను 100 శాతం దగ్గర, ఒక పిక్సెలుకు ఒక పిక్సెలుగా చూడాలి. తర్వాత చిన్నది చేసి దూరంనుంచి చూడాలి. దగ్గరలో అతుకులు కనిపిస్తాయి, దూరంనుంచి వెలుగు మచ్చలు, పునరావృత్తులు కనిపిస్తాయి. ఒకటి రెండోదాన్ని పట్టివ్వదు. పైన తాత్కాలికంగా ఒక కర్వ్స్ లేయరు వేసి కాంట్రాస్టు విపరీతంగా పెంచి చూస్తే, మామూలుగా కనపడని వెలుగు తేడాలు బయటపడతాయి. చూసుకున్నాక ఆ లేయరును తీసేయాలి.

ఆ పరీక్షలో ఎక్కువగా దొరికేవి సాదా గోడలూ ఆకాశమూ. ఏమీ లేని గోడమీద మేకును తీయడం సులువనుకుంటాం. కానీ ఏ గోడా నిజంగా ఒకే రంగులో ఉండదు. కిటికీ దగ్గర 180 వెలుగు ఉన్న గోడ అరగజం అవతల 165కు పడిపోతుంది, మన కంటికి అంతా తెల్లగోడే. కిటికీ దగ్గరి ముక్కను క్లోన్‌తో అవతల పెడితే 15 అంకెల తేడా లేత మచ్చలా తేలుతుంది. ఇందుకోసమే 2002లో ఫొటోషాప్ 7తో హీలింగ్ బ్రష్ వచ్చింది. చూపించిన చోటినుంచి గరుకుదనాన్ని మాత్రం తెచ్చి, రంగునూ వెలుగునూ అతికించే చోటి అంచుల నుంచి తీసుకుంటుంది. గోడకూ చర్మానికీ అది ఎంతో నయం. కానీ ఆ మేకు పక్కనే నల్లటి ఫొటో చట్రం ఉంటే, హీలింగ్ బ్రష్ ఆ నలుపును కూడా అంచుగానే లెక్కేసి గోడమీదికి లాక్కొస్తుంది. అలాంటప్పుడు చట్రం పక్కన సన్నటి పట్టీని క్లోన్‌తో ముందు వేసి, మిగతాది హీలింగ్‌తో పూర్తిచేయాలి.

మసక వెలుగులో తీసిన ఫొటోల్లో ఇంకో రకం మచ్చ వస్తుంది. మండపంలో ఐఎస్ఓ 3200 దగ్గర తీస్తే ఫొటో అంతా సన్నటి చుక్కల నాయిస్ పరుచుకుని ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో, సగం సగం పారదర్శకంగా క్లోన్ చేసినప్పుడు పాత చుక్కలూ కొత్త చుక్కలూ కలిసి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. సగం సగం కలిపితే నాయిస్ సుమారు 70 శాతానికి తగ్గుతుంది. అలా పదేపదే రుద్దిన చోటు మైనం పూసినట్టు నున్నగా తయారవుతుంది. చుట్టూ గరుకు, మధ్యలో నునుపు. వెలుగు కలిసినా, రంగు కలిసినా ఈ నునుపు పట్టించేస్తుంది. Opacity నూటికి నూరు ఉంచి, తక్కువ సార్లు వేయడమే దీనికి మందు.

క్లోన్ పునరావృత్తి ఎంత దూరం తీసుకెళ్తుందో 2006 ఆగస్టులో ప్రపంచం చూసింది. బీరూట్ మీద ఇజ్రాయెల్ దాడుల తర్వాత రాయిటర్స్‌కు అద్నాన్ హజ్ పంపిన ఫొటోలో పొగ మేఘాల గుండ్రాలు ఒకేలా పైకీ పక్కకూ పునరావృతమయ్యాయి. పొగను ఎక్కువ చేసి చూపడానికి క్లోన్ వాడారని తేలింది. పాఠకులే పట్టుకున్నారు. రాయిటర్స్ ఆ ఫొటోతోపాటు ఆయన తీసిన 920 ఫొటోలనూ అమ్మకం నుంచి తీసేసింది. పొగ చెల్లాచెదురుగా ఉండే పదార్థం. మన తలంబ్రాల బియ్యంలాగే అక్కడా ఒకే ఆకారం రెండోసారి కనిపించడమే నేరాన్ని బయటపెట్టింది.

అతుకు ఎంత నైపుణ్యంగా వేసినా చేయకూడని చోట్లూ ఉన్నాయి. సిరియా యుద్ధాన్ని చిత్రించి, 2013లో పులిట్జర్ బహుమతి పొందిన అసోసియేటెడ్ ప్రెస్ బృందంలో నార్సిసో కాంట్రేరాస్ ఒకరు. అదే ఏడాది సెప్టెంబరులో తీసిన ఫొటో మూలలో సహచరుడి వీడియో కెమెరా ఒకటి పడింది. దాన్ని ఆయన అక్కడి నేల ముక్కలతో కప్పేశారు. 2014 జనవరిలో ఆ సంస్థ ఆయనతో సంబంధం తెంచుకుంది. కెమెరా చాలా చిన్నది, మూలలో ఉంది, ఫొటో చెప్పే విషయానికి దానితో పనిలేదు. అయినా వార్తా ఛాయాచిత్రంలో ఆ క్షణాన అక్కడ ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నదే నియమం, దానికి మినహాయింపు లేదు. ఆస్తి తగాదాలో, పోలీసు కేసులో, బీమా క్లెయిములో వాడే ఫొటోలకూ ఇదే వర్తిస్తుందని నేను గట్టిగా అనుకుంటాను. పెళ్లి ఆల్బమ్ సంగతి వేరు. అది ఆ కుటుంబం తనకోసం చేయించుకునేది.

ఫొటోషాప్ కొనలేనివాళ్లకు ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఈ పనంతా చేయవచ్చు. అందులో క్లోన్ పనిముట్టుకు C నొక్కాలి, తీసుకునే చోటును Alt బదులు Ctrl పట్టుకుని చూపించాలి. కంటెంట్ అవేర్ ఫిల్ లాంటి పని రీసింథసైజర్ అనే ప్లగిన్ చేస్తుంది. పాల్ హారిసన్ రాసిన ఈ ప్లగిన్‌ను వేసుకున్నాక Filters > Enhance > Heal Selection అని దొరుకుతుంది. దానికీ బలాలూ బలహీనతలూ పైన చెప్పినవే.

ఇక రెండూ చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. సీసా పీట ముందు కాకుండా పిల్లవాడి ముఖానికి అడ్డం వచ్చిందనుకోండి. చెంపలో సగం, పెదవి మూల దాని వెనక ఉన్నాయి. అలాంటి చెంప ఫొటోలో మరోచోట లేదు. క్లోన్ తేవడానికి మూలం లేదు, ఫిల్ పోల్చడానికి ముక్క లేదు. రెండో చెంపను తిప్పి పెట్టవచ్చు గానీ లైటు ఒకవైపు నుంచే పడుతున్నప్పుడు వెలుగు తప్పు వైపున పడి ముఖం పరాయిదైపోతుంది. నగలో ఒక్కటే ఉండే బిళ్ల, శుభలేఖ మీది అక్షరాలు, ఫ్రేము అంచున సగం తెగిన వస్తువు కూడా ఇలాంటివే. అంచున ఉన్న బొక్కకు ఒకవైపు చుట్టుపక్కలే ఉండవు గనుక ఫిల్ అక్కడ ఎక్కువ తప్పులు చేస్తుంది. అంతకన్నా ఆ అంచును కత్తిరించేయడమే మేలు.

ముఖానికి మిగిలిన దారి పక్క ఫ్రేము. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు ఒక ఘట్టానికి వరసగా చాలా ఫ్రేములు కొడతారు. ఏదో ఒకదానిలో సీసా ముందునుంచి ఆ పిల్లవాడు పక్కకు వంగి ఉంటాడు. ఆ ఫ్రేమును పై లేయరుగా తెచ్చి, రెండు లేయర్లనూ ఎంచుకుని Edit > Auto-Align Layers నడిపితే, కెమెరా కొద్దిగా కదిలినా రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. తర్వాత పై లేయరుకు నల్లటి మాస్కు వేసి, ముఖం ఉన్నంత మేర మాత్రం తెల్లటి బ్రష్‌తో తెరవాలి. రెండు ఫ్రేముల మధ్య వీడియో లైటు జరిగిందేమో చూసుకోవాలి. ముక్కు నీడ పడే వైపు రెండిటిలోనూ ఒకటే అయితే ఆ ముఖం నిశ్చింతగా వాడుకోవచ్చు. వేరైతే ఇంకో ఫ్రేము వెతకాలి.